అన్నపూర్ణమ్మ రాసిపెట్టిన కాగితం

అన్నపూర్ణమ్మ పోయిన పదిహేనో రోజున, తెనాలిలోని బ్యాంకు లాకరులో నగలతోపాటు, 1994లో ఆమె సొంత దస్తూరీతో రాసి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది.

“కాసులపేరు 12 కాసులు, శ్రీలతకు. వంకీ, నాను, గాజుల జత కలిపి 8 తులాలు, మాధవికి. ఇద్దరికీ ఇంచుమించు సమానమే. పద్మజకు వాళ్ళ నాన్న పొలం ఉంది గనుక ఏమీ రాయలేదు. అది కష్టపెట్టుకోదు.”

శ్రీలత పెద్ద కూతురి బిడ్డ, మాధవి చిన్న కూతురి బిడ్డ. తూకం వేయిస్తే కాసులపేరు 96 గ్రాములు సరిగ్గా తూగింది గాని, మాధవి వాటా 82 గ్రాములే వచ్చింది. పాతకాలపు తులం 11.66 గ్రాములని, ఆ లెక్కన తన నగలు 93 గ్రాములకు పైగా ఉండాలని మాధవి కనుక్కుని వచ్చింది. చివరి ఆరేళ్ళూ లాకరు తాళం శ్రీలత దగ్గరే ఉన్నందువల్ల, ఆ లెక్క వెనుక ఉన్న అనుమానాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. తులమంటే పది గ్రాములేనని, ఆ లెక్కన రెండు గ్రాములు ఎక్కువే ఉందని శ్రీలత వాదించింది. రెండు లెక్కలూ బజారులో వాడుకలో ఉన్నవే కాబట్టి ఎవరి మాటా తీసిపారేయడానికి వీల్లేదు. అమ్మమ్మ మంచం పట్టిన నాళ్ళలో వంతులవారీగా కాపలా పడుకున్న అక్కాచెల్లెళ్ళు ఆ తరువాతి మాసికానికి ఒకే ఇంట్లో ఉండి కూడా పలకరించుకోలేదు.

మేనమామ కూతురు పద్మజ ఒక సహకార బ్యాంకులో బంగారు రుణాల విభాగం చూస్తుంది. కాగితంలో తనకు ఏమీ రాలేదు కనుకనే తన మాట ఇద్దరూ వింటారని ఆమె అనుకున్నది నిజమే. మేనత్తలిద్దరినీ, తండ్రినీ కూడా రప్పించి, అందరి ముందూ నగలు పరిపించింది. భూతద్దంతో గాజుల లోపలి అంచు చూసి తల ఎత్తింది.

“వీటి మీద హాల్‌మార్కు ముద్ర ఉంది. మన దేశంలో బంగారానికి ఆ ముద్ర వేయడం 2000లో మొదలైంది. నానమ్మ 1994లో రాసిన గాజులు ఇవి కావు.”

మాధవి ముఖం ఎర్రబడింది. శ్రీలత ఏదో అనబోయేలోగా మాధవి తల్లి అడ్డుపడింది.

“ఆ గాజులు మార్పించింది నేనూ అమ్మా కలిసి వెళ్ళేగా. పాతవి లక్క పోసిన గాజులు. లోపల లక్క పగిలి సొట్టలు పడితే కరిగించి, అదే బంగారంతో గట్టి గాజులు చేయించుకుంది. లక్క తీసేశాక తూకం బాగా తగ్గిందని కంసాలి ముందే చెప్పాడు.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు తూకాల గురించి అక్కతో పోట్లాడావే గాని, నన్ను ఒక్క మాట అడిగావా?”

తక్కువైన పదకొండు గ్రాములూ ఎవరూ తీసినవి కావని, లక్కతో పోయినవేనని తేలింది. పద్మజ అంతటితో ఆగలేదు, ఆగి ఉంటే సగం తగవు మిగిలేదే. ఈ కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలు లేవు కనుక చట్టప్రకారం వీలునామాగా చెల్లదని, తాతగారు ముందే పోయారు కాబట్టి నగలు ముగ్గురు బిడ్డలకూ సమానంగా వస్తాయని, అంటే తన తండ్రికీ మూడో వంతు ఉందని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ఆయన మాత్రం, “అమ్మ రాసిందే నాకు చాలు,” అని తేల్చేశారు. మేనత్తలిద్దరూ సరేనన్నారు.

“నానమ్మ సమానమేనని రాసింది. ఇప్పుడు ఒకవైపు 96, ఇంకోవైపు 82. కాసులపేరులో 24 బిళ్ళలున్నాయి, ఒక్కొక్కటి అరకాసు. కొక్కెం దగ్గర రెండు బిళ్ళలు విప్పి మాధవికిస్తే 88, 90 అవుతాయి. పేరు అందం చెడదు,” అంది పద్మజ.

శ్రీలత చాలాసేపు కాసులపేరు వైపే చూసింది. “విప్పించు వదినా. కానీ నేను దొంగతనం చేశానని అది అనుకున్న మాట ఏ తూకంలో వేస్తావు?”

“నోటితో అనలేదక్కా,” అంది మాధవి. కాసేపాగి, “అనుకున్నాను. తప్పే. క్షమించు,” అంది.

శ్రీలత జవాబు చెప్పలేదు. మాసికానికి తెచ్చి మాధవి తినకుండా వెళ్ళిపోయిన సున్నుండల డబ్బా లోపలి నుంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది. పద్మజ తెల్లకాగితం తీసి, ఈసారి తులాలూ కాసులూ లేకుండా ప్రతి నగ బరువూ గ్రాముల్లోనే రాసి, ముగ్గురు పెద్దల చేతా సంతకాలు పెట్టించింది.