అప్పన్న, బంగారయ్య, చిన్నమ్మి: ఎవరిది అబద్ధం?

పాపా, నువ్వు టిక్ పెట్టి పంపిన పజిల్ పేజీ ఫోటో అందింది. మంగళవారం కదా, మీ అత్త పైడితల్లి గుడికి వెళ్లింది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పేజీ మీద ట్యూబ్‌లైటు మెరుపు పడి ఒక మాట సగం చెరిగిపోయింది. ముందు నాకు కనిపించినంత రాస్తాను, సరిచూసుకో.

"శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ముగ్గురు పళ్ల వ్యాపారులు. ఒక్కొక్కరూ ఎప్పుడూ నిజమే చెబుతారు, లేదా ఎప్పుడూ అబద్ధమే చెబుతారు.
అప్పన్న: మా ముగ్గురిలో అబద్ధాలకోరు ఒక్క...
బంగారయ్య: అప్పన్న అబద్ధాలకోరు.
చిన్నమ్మి: నేనూ బంగారయ్యా ఒకే రకం.
అబద్ధాలకోర్లు ఎవరు?"

ఆ చెరిగిన మాట "ఒక్కరే" కావచ్చు, "ఒక్కరైనా ఉన్నారు" కావచ్చు. ప్రస్తుతానికి "ఒక్కరే" అనుకుందాం.

ఒక్కో మనిషికి రెండు అవకాశాలు, ముగ్గురికి 2 × 2 × 2 = 8. ఆ ఎనిమిదీ వరసగా రాసి, ప్రతి వరసలో ముగ్గురి మాటలూ నిజమో కాదో పక్కన వెయ్యాలి. ని అంటే నిజం, అ అంటే అబద్ధం.

| వరస | అప్పన్న | బంగారయ్య | చిన్నమ్మి | అప్పన్న మాట | బంగారయ్య మాట | చిన్నమ్మి మాట |
|---|---|---|---|---|---|---|
| 1 | ని | ని | ని | అ | అ | ని |
| 2 | ని | ని | అ | ని | అ | అ |
| 3 | ని | అ | ని | ని | అ | అ |
| 4 | ని | అ | అ | అ | అ | ని |
| 5 | అ | ని | ని | ని | ని | ని |
| 6 | అ | ని | అ | అ | ని | అ |
| 7 | అ | అ | ని | అ | ని | అ |
| 8 | అ | అ | అ | అ | ని | ని |

ఎడమవైపు మూడు గళ్లూ మనిషి రకం, కుడివైపు మూడూ అతని మాట. రెండు వైపులూ అచ్చంగా ఒకేలా ఉన్న వరసే నిలుస్తుంది. ఒక్క గడి తేడా వచ్చినా కొట్టెయ్. అలా చూస్తే ఆరో వరస ఒక్కటే మిగులుతుంది: అప్పన్న, చిన్నమ్మి అబద్ధాలకోర్లు, బంగారయ్య నిజాయితీపరుడు. అంటే ప్రశ్న కింద ఇచ్చిన ఆప్షన్లలో మూడోది.

నువ్వు టిక్ పెట్టినది రెండోది, "అప్పన్న మాత్రమే". అది ఐదో వరస. బంగారయ్య, చిన్నమ్మి ఒక జట్టులా వినిపిస్తారు కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ అబద్ధాలకోరు అప్పన్న ఒక్కడే అయితే "ఒక్కరే" అన్న అతని మాట నిజమైపోతుంది. అబద్ధాలకోరు నోట నిజం రాకూడదు కదా, ఆ వరస అక్కడే పోయింది.

ఇంకో సంగతి. "ఒక్కరే" అన్నది అబద్ధమైతే "ఎవరూ లేరు" అని అర్థం కాదు. సున్నా కావచ్చు, ఇద్దరు కావచ్చు, ముగ్గురూ కావచ్చు. పరీక్షలో మార్కులు ఎక్కువగా పోయేది ఇలాంటి చోటే అని నా అభిప్రాయం.

ఇప్పుడు చెరిగిన మాట. "ఒక్కరైనా ఉన్నారు" అని వేసి చూశాను. మారేది అప్పన్న మాట గడి ఒక్కటే, అదీ ఇద్దరు లేదా ముగ్గురు అబద్ధాలకోర్లున్న వరసల్లోనే. 4, 6, 7, 8 వరసల్లో "అ" కాస్తా "ని" అవుతుంది. నాలుగో వరసలో చిన్నమ్మి ఇంకా కుదరదు. ఆరోదాంట్లో ఇప్పుడు అప్పన్న కుదరడు. మిగతావి ఎలాగూ పోయినవే. ఒక్క వరసా నిలవదు, ప్రశ్నకి జవాబే లేకుండా పోతుంది. కాబట్టి అచ్చులో ఉన్నది "ఒక్కరే" అనే అనుకోవచ్చు. అయినా అసలు కాగితం ఒకసారి చూసుకో.

పరీక్ష హాల్లో ఎనిమిది వరసలకీ టైమ్ ఉండదని నాకూ తెలుసు. అప్పుడు చిన్నమ్మి దగ్గర మొదలుపెట్టు. ఆమె నిజం చెబితే బంగారయ్య ఆమె రకమే, అంటే నిజాయితీపరుడు. ఆమె అబద్ధమాడితే ఇద్దరూ వేరు రకాలు, అప్పుడూ బంగారయ్య నిజాయితీపరుడే. "నేనూ ఫలానావాడూ ఒకే రకం" అని ఎవరన్నా సరే, ఆ ఫలానావాడు నిజమే చెబుతాడు. దీన్ని బట్టీ పట్టొద్దు, రెండు వరసలు రాసి చూస్తే నీకే తడుతుంది. బంగారయ్య తేలాడంటే అప్పన్న అబద్ధాలకోరు. మిగిలింది 5, 6 వరసలే.

నలుగురుంటే 16 వరసలు, ఐదుగురుంటే 32. అంత పట్టిక ఎవరూ వెయ్యరు. ముందు ఇలాంటి బిగువైన మాట ఏదో వెతికి, మిగిలిన వాటికే పట్టిక వెయ్యి. ఇంట్లో ప్రాక్టీసుకి మాత్రం ముగ్గురున్న ప్రశ్నలకి మొత్తం వేసే అలవాటు చేసుకో.

ఫోటో అడుగున ఇంకో ప్రశ్న సగమే పడింది, నలుగురు అన్నదమ్ముల గురించి. లైటు పక్కకి జరిపి ఆ పేజీ మళ్లీ తీసి పంపు.