స్రవంతి, చైతన్యల రిసెప్షన్‌లో స్నేహితురాలి మాట

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? చాయ్ కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లకి? వినిపించకపోయినా ఫర్వాలేదు, మీరు కానివ్వండి. మీతో నాకు చివర్లో పని ఉంది.

నా పేరు లావణ్య. పెళ్లికూతురి స్నేహితురాలిని. రాత్రి 2 గంటల 47 నిమిషాలకి ముహూర్తం అయితే, రెండున్నరకి ఊడి చేతికొచ్చిన పూలజడని పిన్నులు గుచ్చి గుచ్చి నిలబెట్టింది నేనే. అందుకని ఇప్పుడు మధ్యలో నా గొంతు బొంగురుపోతే ఏడుస్తోంది పాపం అనుకోకండి. నిద్ర లేదు, అంతే. మా వైపు పెళ్లిళ్లు పగలు జరుగుతాయి. తాళి కట్టగానే విస్తళ్లు వేస్తారు. అర్ధరాత్రి లేచి పట్టుచీర కట్టుకోవడం నాకిదే మొదటిసారి. పంతులుగారు ఆ వేళకి అంత హుషారుగా మంత్రాలు ఎలా చదివారో ఆయనకే తెలియాలి. వీడియో తీసే అబ్బాయి మాత్రం జీలకర్ర బెల్లం దగ్గర ఒక కునుకు తీశాడు. నేను చూశాను బాబూ, ఎవరికీ చెప్పలేదు.

కాకినాడ నుంచి గౌతమీలో వచ్చిన పెళ్లికొడుకు బంధువులకి నమస్కారం అండి. కూకట్‌పల్లి నుంచి నాగోల్ దాకా వచ్చిన మా ఆఫీసు వాళ్లకి అంతకన్నా పెద్ద నమస్కారం. కాకినాడ వాళ్లకేముంది, రైలెక్కి పడుకున్నారు, తెల్లారాక దిగారు. మీరు ట్రాఫిక్‌లో మెలకువగా వచ్చారు. ఇంకా కొంతమంది ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఉన్నాం, ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం అని ఫోన్ చేశారు. వెనకాల ఇంట్లో కుక్కర్ విజిల్ వినిపించింది. రానివ్వండి, వాళ్లకీ భోజనాలు ఉంటాయి.

శుభలేఖలో రిసెప్షన్ ఏడింటికి అని వేశారు కదా. సరిగ్గా ఏడింటికి ఈ హాల్లో ముగ్గురమే ఉన్నాం. నేను, స్టేజీకి బంతిపూల దండలు కడుతున్న కుర్రాడు, చైతన్య వాళ్ల తాతగారు. పాపం తాతగారు హైదరాబాద్ శుభలేఖని నమ్మేశారు. కండువా సర్దుకుని మొదటి వరసలో కూర్చుని, ఎనిమిదింటి దాకా ఆ కుర్రాడికి ముడి ఎలా వెయ్యాలో చెప్పారు. ఈ కుడివైపు దండలు ఇంత పద్ధతిగా ఉన్నాయంటే అది ఆయన చలవే. ఎడమవైపు దండలు ఆయన రాకముందు కట్టినవి.

పొద్దున్నుంచి నన్ను పదిమంది అడిగారు, ఈ సంబంధం ఎవరు కుదిర్చారమ్మా అని. పెళ్లిళ్ల పేరయ్యా కాదు, మ్యాట్రిమొనీ సైటూ కాదు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో కుదిర్చింది. 2019 నవంబర్‌లో ఆ లైను రాయదుర్గం దాకా వెయ్యకపోయి ఉంటే, చైతన్య ఇవాళ ఇంకో స్టేజీ మీద అక్షింతలు వేసి, ఫొటో దిగి, ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి ఉండేవాడు.

నేనూ స్రవంతీ ఉప్పల్‌లో ఎక్కుతాం. ఆడవాళ్లకి కేటాయించిన చోట నిలబడి, వాళ్లమ్మగారు కట్టిచ్చిన డబ్బాలో కూర ఏమిటో అప్పుడే మూత తీసి చూసి, ఆఫీసుకి చేరకముందే సగం ఖాళీ చేస్తాం. ఏళ్లుగా ఇదే పద్ధతి. అలాంటిది ఒకరోజు ఈవిడ, "లావణ్యా, ఇక్కడ ఊపిరాడట్లేదే, అటువైపు వెళ్దామా" అంది. అటువైపు చూశాను. జనరల్ కోచ్‌లో జనం ఒకరి బ్యాగు మీద ఒకరు గడ్డం ఆనించుకుని నిలబడి ఉన్నారు. అక్కడ ఊపిరి ఆడుతుందని ఈవిడకి ఎవరు చెప్పారా అనుకున్నాను. అమీర్‌పేటలో అర్థమైంది. మియాపూర్ వైపు నుంచి వచ్చి రైలు మారే జనంలో, నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. అదిగో, ఇప్పుడు షేర్వాణీలో సిగ్గుపడుతున్నది ఆయనే.

పొద్దున సంగతి సరే. కేపీహెచ్‌బీలో ఉండే మనిషి సాయంత్రం అమీర్‌పేటలో దిగి లైను మారాలి కదా. ఈయన దిగేవాడు కాదు. బేగంపేట వచ్చేది, ప్యారడైజ్ వచ్చేది, సికింద్రాబాద్ దాటేది, ఈయన కదిలేవాడు కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, మీరు ఎటు వెళ్తున్నారండీ అని. తడుముకోకుండా చెప్పాడు: "తార్నాకలో మా పెద్దనాన్నగారు ఉంటారండి. ఈమధ్య మోకాళ్ల ఆపరేషన్ అయింది, చూసి వస్తుంటాను."

నేను కరిగిపోయాను. ఈ రోజుల్లో పెద్దనాన్నని రోజూ వెళ్లి చూసే కుర్రాడు ఎక్కడ దొరుకుతాడు? స్రవంతితో కూడా అన్నాను, చూడవే ఎంత మంచివాడో అని. అది కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వు నాకు ఎంగేజ్‌మెంట్ దాకా అర్థం కాలేదు.

ఎంగేజ్‌మెంట్ రోజున చైతన్య వాళ్ల నాన్నగారు పక్కన కూర్చుంటే, మర్యాదకి పలకరిద్దామని, "తార్నాక పెద్దనాన్నగారికి మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?" అన్నాను. ఆయన లడ్డూ నోటి దాకా తీసుకెళ్లి ఆపేశారు. "తార్నాకలో మాకెవరున్నారమ్మా? మా అన్నయ్య కాకినాడ దాటి రాడు" అన్నారు.

ఆ పెద్దనాన్నగారు ఇవాళ కాకినాడ దాటి వచ్చారు. రెండో వరసలో, బంగారు అంచు పంచె కట్టుకుని ఉన్నారు. నమస్కారమండీ పెద్దనాన్నగారూ. మీ మోకాళ్లు బాగున్నాయా? రాత్రి మండపం మెట్లు ఎవరి సాయం లేకుండా ఎక్కడం చూశాను, ఆ సర్జన్ ఎవరో గానీ చెయ్యి చాలా మంచిది.

చైతన్యా, ఇంత కథ అల్లినందుకు నీ మీద నాకు కోపం ఉండాలి. లేదు. ఎందుకంటే సంక్రాంతికి ఏం జరిగిందో నేను పక్కనే ఉండి చూశాను. స్రవంతి వాళ్లమ్మగారు, మా పిన్ని, ఏటా సకినాలు చేస్తుంది. గుడ్డ పరిచి, నువ్వులూ వామూ వేసిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య సన్నగా వదులుతూ చుట్టు మీద చుట్టు వేస్తుంది. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి నడుం ఎత్తుతుంది. అవి టిష్యూలో చుట్టి తెచ్చి ఇది నీకిస్తే, నువ్వు ఒకటి కొరికి, "జంతికలు చాలా బాగున్నాయండి" అన్నావు. రైల్లో ఉన్న తెలంగాణ ఆడవాళ్లందరూ ఒక్కసారి నీ వైపు తిరిగారు. స్రవంతి ఏమీ అనలేదు. ఏమీ అనకుండా చూసింది. ఆ చూపు నీకు కొత్త, నాకు ఇంటర్ నుంచి తెలుసు. నువ్వు భయపడ్డావు, అయినా చేతిలోది పడేయలేదు, దాచుకోలేదు, మెట్టుగూడ వచ్చేదాకా శ్రద్ధగా నమిలి అన్నీ తినేశావు. తరవాతి వారం కాకినాడ కాజా డబ్బా తెచ్చి పిన్నికి పంపించావు. పిన్ని ఆ డబ్బా ఖాళీ అయ్యాక కడిగి, తుడిచి, అందులో మళ్లీ సకినాలు పెట్టి పంపింది. మా ఇళ్లల్లో డబ్బా ఖాళీగా తిరిగి వెళ్లదు. ఆ రోజే నాకు తెలిసిపోయింది, ఇక శుభలేఖలు అచ్చు వేయించడమే తరువాయి అని.

అప్పటికి బాబాయికి మాత్రం ఏమీ తెలియదు. కాజాలు ఎక్కడివంటే ఆఫీసులో పంచారు అని చెప్పాం. "మీ ఆఫీసు వాళ్లు మంచోళ్లమ్మా" అన్నారు. బాబాయ్, మీరన్నది కరెక్టే, వాళ్లలో ఒకాయన మీకు అల్లుడయ్యాడు. అప్పగింతలప్పుడు మీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, కళ్లద్దాలకి మసక పట్టిందని అన్నారు. పిన్నీ నేనూ నమ్మినట్టే ఉన్నాం.

కాకినాడ అత్తయ్యగారూ, మావయ్యగారూ, మా పిల్ల పనిమంతురాలు, పెద్దల మాట వింటుంది లాంటివి నేను చెప్పను. అవి పెళ్లిచూపుల్లో చెప్పేసి ఉంటారు. నాకు తెలిసింది చెప్తాను. నాకు జ్వరం వచ్చి హాస్టల్లో పడుకుంటే, ఇది రెండు బస్సులు మారి వచ్చి, చారన్నం కలిపి తినిపించి, పక్కనే కూర్చుని నా చేత రికార్డు కూడా రాయించింది. ఆ జ్వరంలో రాసిన రికార్డుకే నాకు ఎక్కువ మార్కులు వచ్చాయి. మీకు ఒంట్లో బాగోకపోయినా ఇలాగే చూసుకుంటుంది. అయితే మందు వేసుకున్నారా లేదా అని గంటకోసారి అడుగుతుంది, కాస్త ఓర్చుకోండి.

స్రవంతీ, రేపటి నుంచి నువ్వు కేపీహెచ్‌బీలో ఎక్కుతావు. నేను ఉప్పల్‌లో ఎక్కుతాను. అమీర్‌పేటలో నువ్వు రైలు మారి వచ్చేసరికి ఆడవాళ్ల వైపే నిలబడి ఉంటాను. డబ్బా తెచ్చుకో. బావగారూ, మీరు జనరల్ కోచ్‌లో వెళ్లండి, అక్కడ ఊపిరి బాగా ఆడుతుందట.

ఇక చాయ్ కౌంటర్ వాళ్లూ, మీ వంతు వచ్చింది. చేతిలో ఇరానీ చాయ్ ఉన్నవాళ్లు కప్పు ఎత్తండి. బాదంపాలు ఉన్నవాళ్లు గ్లాసు ఎత్తండి. ఏమీ లేనివాళ్లు పక్కవాళ్ల ఉస్మానియా బిస్కెట్ ఎత్తండి, ఈ ఒక్కరోజుకి ఏమీ అనరు. తాతగారూ, మీరు లేవకండి, కూర్చునే దీవించండి. స్రవంతికీ, చైతన్యకీ నిండు నూరేళ్లు! ఆ, పెద్దనాన్నగారూ, మీది టీ చల్లారిపోయినట్టుంది, ఇంకోటి పంపిస్తాను ఉండండి.