అమెలోబ్లాస్టోమా, డెంటిజెరస్ సిస్ట్: ఎక్స్‌రేలో తేడా ఎక్కడ వెతకాలి
(మూడో సంవత్సరం బీడీఎస్ బ్యాచ్‌కి, సోమవారం స్పాటర్స్‌కి ముందు రివిజన్ నోట్)

ఇంటర్నల్స్ పేపర్లలో దాదాపు అందరూ ఒకే మాట రాశారు: "గదులు ఒకటైతే డెంటిజెరస్, ఎక్కువైతే అమెలోబ్లాస్టోమా." తిరుపతిలో మన ఓపీకి వచ్చే ఫిల్ములు చూస్తే ఈ సూత్రం ఎక్కువ రోజులు నిలవదు. గదులు లెక్కపెట్టే ముందు పన్ను ఎక్కడుందో, గోడ దాన్ని ఎక్కడ పట్టుకుందో చూడండి.

డెంటిజెరస్ సిస్ట్ తేలిక. రాని పన్ను కిరీటం చుట్టూ, సీఈజే దగ్గర అతుక్కుని ఉండే యూనిలాక్యులర్ రేడియోలూసెన్సీ. అంచు సన్నగా, తెల్లగా, స్పష్టంగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ సోకితే ఆ తెల్లగీత మసకబారుతుంది. అందరికంటే ఎక్కువగా కింది జ్ఞానదంతానికి వస్తుంది, ఆ తర్వాత పై కోరపన్నుకు. వయసు ఎక్కువగా 10 నుంచి 30 మధ్య. సెంట్రల్, లాటరల్, సర్కంఫరెన్షియల్ అని మూడు రకాలు. వైవాలో బొమ్మ గీయమంటారు, మూడూ గీసి చూసుకోండి. ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: మామూలు ఫాలికిల్ స్పేస్ ఎంత? 2 నుంచి 3 మిల్లీమీటర్లు. 5 దాటితే సిస్ట్ అని అనుమానించాలి.

కన్వెన్షనల్ అమెలోబ్లాస్టోమా ఎక్కువగా ముప్ఫై దాటినవాళ్లలో కనిపిస్తుంది. 80 శాతానికి పైగా కింది దవడలోనే, అదీ మోలార్-రేమస్ వైపు. గదులు పెద్దవైతే సోప్ బబుల్, చిన్నవైతే హనీకోంబ్. లోపలి సెప్టా వంపు తిరిగి, ముతకగా ఉంటాయి. అక్లూజల్ వ్యూ తీస్తే బుగ్గవైపూ నాలుకవైపూ కార్టెక్స్ ఉబ్బి, పలచబడి కనిపిస్తుంది. కెరటోసిస్ట్ ఇలా ఉబ్బించదు, ఎముక లోపలే ముందుకూ వెనక్కీ పాకుతుంది. ఆ తేడా కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి. పక్క పళ్ల వేర్లు కత్తితో కోసినట్టు తెగిపోయి ఉంటే దాన్ని నైఫ్ ఎడ్జ్ రిజార్ప్షన్ అంటాం. డెంటిజెరస్‌లోనూ వేర్లు కరగొచ్చు, కాబట్టి అదొక్కటే పట్టుకుని డయాగ్నోసిస్ రాయొద్దు.

అసలు తికమక యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమాతో. అది టీనేజ్‌లో, ఇరవైల్లో వస్తుంది, ఒకే గది, చాలాసార్లు రాని జ్ఞానదంతంతో కలిసే ఉంటుంది. అచ్చం డెంటిజెరస్ వేషం. ఒక ఊహాకేసు తీసుకుందాం: పలమనేరు నుంచి పంతొమ్మిదేళ్ల అబ్బాయి, కుడివైపు కింది దవడ వాపు, నొప్పి లేదు. ఓపీజీలో 48ని కింది అంచు దాకా తోసేసిన ఒకే గది రేడియోలూసెన్సీ, పైన రేమస్‌లోకి పాకింది. గోడ సీఈజే దగ్గర ఆగకుండా వేరు మీదికి దిగింది. అంచు ఒకచోట అలల్లా వంపులు తిరిగింది. 47 డిస్టల్ వేరు సగం లేదు. నాలుకవైపు కార్టెక్స్ కూడా ఉబ్బింది. సర్కంఫరెన్షియల్ డెంటిజెరస్ కూడా వేరును చుట్టేస్తుంది కాబట్టి గోడ ఒక్కదాన్నే నమ్మలేం. కానీ వంపుల అంచు, తెగిన వేరు, లింగువల్ ఉబ్బు మూడూ కలిసినప్పుడు ప్రొవిజనల్‌లో యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా మొదట రాయండి, డిఫరెన్షియల్‌లో డెంటిజెరస్, కెరటోసిస్ట్ రాయండి. స్పాటర్‌లో అయితే కారణం ఒక్క లైన్ చాలు, పేరాలు అక్కర్లేదు.

డెస్మోప్లాస్టిక్ రకం ఈ లెక్కలన్నిటికీ బయట. దవడ ముందు భాగంలో వస్తుంది, మిశ్రమంగా తెలుపూ నలుపూ, అంచు సరిగా తెలియదు. చూడగానే ఫైబ్రో-ఆసియస్ లీజన్ అని రాసేస్తారు.

ఎక్స్‌రే ఎంత బాగున్నా తుది మాట హిస్టోపాథాలజీదే. చిన్న ముక్క బయాప్సీలో సిస్ట్ గోడ మామూలుగా కనిపించి, ట్యూమర్ మరోచోట మిగిలిపోవచ్చు. అందుకే ఎన్యూక్లియేట్ చేసిన గోడను పూర్తిగా, వేర్వేరు చోట్ల సెక్షన్లు చేసి చూస్తారు. ఈ తేడా రోగికి చాలా ముఖ్యం: డెంటిజెరస్ అయితే పన్నుతో సహా ఎన్యూక్లియేషన్, సిస్ట్ పెద్దదైతే ముందు మార్సుపియలైజేషన్. కన్వెన్షనల్ అమెలోబ్లాస్టోమా అయితే ఎక్స్‌రేలో కనిపించే అంచుకు బయట 1 నుంచి 2 సెంటీమీటర్ల ఎముక కలిపి రిసెక్షన్, ఎందుకంటే ట్యూమర్ కణాలు స్పాంజీ ఎముకలోకి ఆ గీత దాటి పాకి ఉంటాయి. ఎస్సేలో ఈ కారణం రాస్తే ఎగ్జామినర్ ఆగి చదువుతారు.

ఆదివారం సాయంత్రం డిపార్ట్‌మెంట్ వ్యూబాక్స్ మీద పాత ఫిల్ములు పెడతాను, ఎవరికి వీలైతే వాళ్లు రండి. పేర్లు మూసేసి ఉంటాయి. ముందు పన్ను చూడండి, ఆ తర్వాత గోడ, చివరగా గదులు.