కెమిస్ట్రీ ఇంటర్నల్ మళ్లీ రాసే అవకాశం కోరుతూ మేడమ్‌కి ఉత్తరం

తణుకు,
08-09-2025.

గౌరవనీయులైన కెమిస్ట్రీ లెక్చరర్ గారికి,

విషయం: డెంగీ జ్వరం వల్ల రాయలేకపోయిన మొదటి ఇంటర్నల్‌కి రీటెస్ట్ పెట్టమని విన్నపం.

నమస్కారం మేడమ్.

నేను బీఎస్సీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ విద్యార్థినిని, రోల్ నంబర్ 27. ఈ నెల 3వ తేదీ బుధవారం మీరు పెట్టిన కెమికల్ కైనెటిక్స్ ఇంటర్నల్ రాయలేకపోయాను. ఆ ఉదయమే నన్ను గవర్నమెంటు ఆసుపత్రిలో చేర్చారు.

వినాయక చవితి వెళ్లిన రెండో రోజు, శుక్రవారం సాయంత్రం చలితో జ్వరం మొదలైంది. వానలో తడిసినందుకేమో అనుకుని పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. ఆదివారానికి కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా కీళ్లు విరిచేసినట్టు ఉండేసరికి నాన్న భయపడ్డారు. సోమవారం రక్తపరీక్షలో డెంగీ ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది. అప్పటికి ప్లేట్‌లెట్లు 92 వేలు. మంగళవారం రాత్రి జ్వరం తగ్గింది. రేపు ఎలాగైనా పరీక్షకి వెళ్తానని అమ్మతో అన్నాను, హాల్‌టికెట్, కాలిక్యులేటర్ బ్యాగులో సర్దుకున్నాను కూడా. తెల్లవారేసరికి కడుపులో నొప్పి, వాంతులు. మళ్లీ పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు 41 వేలకి పడిపోయాయి. డెంగీలో జ్వరం దిగినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని డాక్టర్ గారు చెప్పి, వెంటనే సెలైన్ పెట్టించారు. శనివారం సాయంత్రం 1 లక్షా 12 వేలు వచ్చాక ఇంటికి పంపారు.

పరీక్షకి ముందే మీకు కబురు చేయాల్సింది మేడమ్. ఆ హడావుడిలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం మా క్లాస్ అమ్మాయికి ఫోన్ చేసి మీతో చెప్పమన్నాను, కానీ అప్పటికే పరీక్ష అయిపోయింది. ఆ తప్పు నాదే, క్షమించండి.

ఇంటర్నల్ మార్కులు సెమిస్టర్ మార్కుల్లో కలుస్తాయి కాబట్టి ఆబ్సెంట్ పడుతుందని టెన్షన్‌గా ఉన్న మాట నిజమే. కానీ ఈ యూనిట్ నేను నిజంగా ఇష్టపడి చదివాను మేడమ్. ఇంటర్‌లో సూత్రాలు బట్టీ పట్టి రాసేశాను. మీరు బోర్డు మీద కాలం ఒకవైపు, గాఢత లాగరిథమ్ ఒకవైపు పెట్టి గ్రాఫ్ గీసి, ఆ సరళరేఖ వాలు నుంచే k వస్తుందని చూపించిన రోజు, ఫస్ట్ ఆర్డర్ చర్యలో t½ = 0.693/k అని ఎందుకు వస్తుందో, మొదట ఎంత పదార్థం ఉన్నా అర్ధాయువు ఎందుకు మారదో మొదటిసారి అర్థమైంది. ఆ తర్వాత మీరిచ్చిన లెక్కలన్నీ సొంతంగా చేశాను. అందుకే సగటు చూసి మార్కులు వేయమని అడగడం లేదు. నాకు పరీక్షే కావాలి.

ఒక విషయం ముందే చెప్పాలి. 3వ తేదీ ప్రశ్నపత్రం మా క్లాస్ వాళ్ల దగ్గర ఉంది. నేను చూడలేదు, పంపవద్దని చెప్పాను. అయినా మీరు వేరే పేపర్ ఇస్తేనే మిగతావాళ్లకి న్యాయంగా ఉంటుంది. అది కాస్త కష్టంగా ఉన్నా ఫర్వాలేదు. పేపర్ తయారు చేయడానికి మీకు వీలు లేకపోతే, బోర్డు దగ్గర నిలబెట్టి నోటితో అడిగినా, లెక్కలు చేయించినా సిద్ధమే.

డాక్టర్ గారు 14వ తేదీ ఆదివారం దాకా విశ్రాంతి తీసుకోమన్నారు. ఇంకా నీరసంగానే ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, కానీ గంటసేపు కూర్చుని రాయగలను. 15వ తేదీ సోమవారం నుంచి కాలేజీకి వస్తాను. 18వ తేదీ గురువారం మధ్యాహ్నం మాకు ల్యాబ్ అయ్యాక ఖాళీ. ఆ రోజు మీకు కుదరకపోతే ఆ వారంలో మీరు చెప్పిన ఏ సమయానికైనా వస్తాను. ఉదయం క్లాసులకి ముందైనా సరే, మా ఊరి నుంచి ఏడింటి బస్సు ఉంది.

రెండు ప్రాక్టికల్స్ కూడా పోయాయి. వాటి సంగతి ల్యాబ్‌లో మిమ్మల్ని కలిసి అడుగుతాను. ముందు ఈ పరీక్షకి ఒప్పుకుంటే చాలు.

ఈ ఉత్తరం మా నాన్న తెస్తున్నారు. ఆసుపత్రి కాగితాల అసలు ప్రతులు కూడా ఆయన దగ్గర ఉన్నాయి, మీరు చూడవచ్చు. మీరు ఏ రోజు రమ్మంటారో ఆయనతో ఒక్క మాట చెప్పి పంపండి మేడమ్.

కృతజ్ఞతలతో,

మీ విద్యార్థిని,
కె. శ్రావణి
బీఎస్సీ రెండో సంవత్సరం, మూడో సెమిస్టర్
రోల్ నంబర్ 27

జతపరిచినవి: డిశ్చార్జ్ కాగితం, రక్తపరీక్షల రిపోర్టులు మూడు, విశ్రాంతి అవసరమని డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ (జిరాక్స్ కాపీలు).