ఉరిశిక్ష ఉండాలా, వద్దా? రెండు వైపుల వాదనలు

మా కాలేజీకి వెళ్లే బస్సు రోజూ బెంగళూరులోని రిచ్‌మండ్ రోడ్డు దాటుతుంది. 1991లో ఆ రోడ్డు మీది ఒక ఇంట్లో ఒక మహిళను ఆమె భర్త శ్రద్ధానంద మత్తుమందిచ్చి, పెట్టెలో పెట్టి, పెరట్లో పూడ్చిపెట్టాడు. మూడేళ్ల దాకా విషయం బయటపడలేదు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, కర్ణాటక హైకోర్టు ఖరారు చేసింది. 2007లో సుప్రీంకోర్టులో ఈ కేసు విన్న ఇద్దరు న్యాయమూర్తులూ అతనే హంతకుడన్నారు. శిక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరు ఉరి అన్నారు, మరొకరు యావజ్జీవం చాలన్నారు. ఉరిశిక్ష మీద చర్చను ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిదని నాకనిపిస్తుంది. నేరం ఎంత ఘోరమో అందరూ ఒప్పుకున్నాక కూడా ప్రశ్న అలాగే మిగిలిపోతోంది.

ఉరిశిక్ష ఉండాలనేవాళ్ల వాదనలో అన్నిటికంటే బలమైనది న్యాయం గురించి. చేసిన నేరానికి తగినంత శిక్ష పడాలి. అది పడదని తేలితే బాధితుల కుటుంబం చట్టం మీద నమ్మకం పోగొట్టుకుంటుంది, తామే పగ తీర్చుకోవాలనుకుంటుంది. దీన్ని ఆవేశమని కొట్టిపారేయకూడదు. 1993లో చిలకలూరిపేట దగ్గర దోపిడీకి వచ్చిన ఇద్దరు యువకులు బస్సులో పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది చనిపోయారు. మా అమ్మమ్మది ఆ చుట్టుపక్కల ఊరే. మమ్మల్ని చూడటానికి బెంగళూరు రావాలంటే ఇప్పటికీ రైలే కావాలంటుంది, రాత్రి బస్సు ఎక్కదు. ఎక్కడికెళ్లినా కిటికీ పక్కనే కూర్చుంటుంది. ఆమె దగ్గర ఉరిశిక్ష వద్దని మాట్లాడటం నాకు తేలిక కాదు.

రెండో వాదన భద్రతది. 2008 ముంబై దాడిలో పట్టుబడిన కసబ్‌ను 2012లో ఉరితీశారు. అలాంటివాళ్లను ప్రాణాలతో ఉంచితే వాళ్లను విడిపించడానికి మరో దాడి జరగవచ్చంటారు. 1967లో లా కమిషన్ కూడా ఉరిశిక్షను ఉంచాలనే చెప్పింది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ శిక్ష రాజ్యాంగబద్ధమేనని తేల్చి, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని హద్దు పెట్టింది. పైగా హైకోర్టు ఖరారు చేయనిదే ఏ ఉరీ అమలు కాదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు, క్షమాభిక్ష పిటిషన్ ఉండనే ఉన్నాయి. ఇన్ని మెట్లు ఉన్నాయి కదా, ఇంకేం భయం అంటారు.

వద్దనేవాళ్లు సరిగ్గా ఆ మెట్ల గురించే అడుగుతారు. మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసింది. 2019లో అదే కోర్టు వాళ్లు నిర్దోషులని వదిలేసింది. అప్పటికి పదహారేళ్లు జైల్లో గడిచాయి. మధ్యలో ఉరి అమలై ఉంటే ఆ రెండో తీర్పు ఎవరికి ఉపయోగం? నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో జవాబు చెప్పలేని ప్రశ్న ఇదే. అన్ని కోర్టులూ దాటి వచ్చిన పొరపాటు అది.

ఇక పేదరికం సంగతి. చిలకలూరిపేట కేసులో ఉరి పడిన ఇద్దరూ పేద దళిత యువకులు. మంచి లాయరును పెట్టుకునే స్తోమత లేనివాడి కథ కోర్టుకు పూర్తిగా చేరదు. వాళ్ల కోసం పౌరహక్కుల వాళ్లు, రచయితలు ఏళ్లతరబడి పోరాడితే 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అలా పోరాడేవాళ్లు దొరకని ఖైదీల మాటేమిటి? బచన్ సింగ్ కేసులోనే జస్టిస్ భగవతి మిగతా నలుగురితో విభేదించారు. ఎవరికి ఉరి పడుతుందన్నది ఏ న్యాయమూర్తి ముందుకు కేసు వచ్చిందన్న దాన్ని బట్టి మారిపోతోందని ఆయన అభ్యంతరం. శ్రద్ధానంద కేసు చదివాక ఆ మాట నాకు బాగా అర్థమైంది.

ఉరికి భయపడి నేరాలు తగ్గుతాయనే వాదనను రెండు వైపులా ఎక్కువగా సాగదీస్తారు. నిర్భయ కేసులో నలుగురిని 2020 మార్చి 20న ఉరితీశారు, ఆ తర్వాతా అలాంటి నేరాలు వింటూనే ఉన్నాం. అలాగని ఆ ఉరి ఎవరినీ ఆపలేదని కూడా నిరూపించలేం. 2015లో లా కమిషన్ యావజ్జీవం కంటే ఉరి ఎక్కువగా నేరాలను ఆపుతుందనడానికి ఆధారం లేదంది. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం లాంటి నేరాలకు తప్ప రద్దు చేయమంది. 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మాత్రం ఉరిశిక్ష అలాగే ఉంది.

రిచ్‌మండ్ రోడ్డు కేసు చివరికి 2008లో ముగ్గురు న్యాయమూర్తుల ముందుకెళ్లింది. ఉరి వద్దు, కానీ బతికున్నంతకాలం విడుదల కూడా ఉండదని వాళ్లు తీర్పిచ్చారు. 2015లో రాజ్యాంగ ధర్మాసనం అలాంటి శిక్ష వేయవచ్చని ఒప్పుకుంది. పొరపాటు జరిగితే దిద్దుకునే వీలుంటుంది, నేరస్తుడు మళ్లీ బయటకు రాడు. అందుకే నేను ఈ దారి వైపే మొగ్గుతాను. చావుదాకా ఆశ లేకుండా బంధించడం ఉరికన్నా క్రూరమనేవాళ్లూ ఉన్నారు, అది తేలిగ్గా తీసుకునే మాట కాదు. ఇదంతా అమ్మమ్మకు చెప్తే, "మరి ఆ బస్సులోవాళ్లకి రెండో అవకాశం ఎవరిచ్చార్రా?" అంది. ఆమెకు సరిపోయే జవాబు నా దగ్గర ఇంకా లేదు.