అమ్మ గది కిటికీకి ప్లాన్

అక్కా,

నిన్న కొలతలు తీశాను. కిటికీ వెడల్పు 6 అడుగులు, ఎత్తు నాలుగున్నర. నేల నుంచి రెండున్నర అడుగుల దగ్గర మొదలవుతోంది. ఎదురింటి గోడ పదడుగుల దూరంలోనే ఉంది.

ఎదురింటివాళ్లకు మన గది కనిపించకూడదంటే నువ్వు చెప్పిన పల్చటి తెర ఒక్కటే వేస్తే సరిపోదు. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి లోపలివాళ్లు కనిపించరు. చీకటి పడి లైటు వేశామా, అంతా తారుమారు. అద్దంలా మెరిసే ఫిల్మ్‌దీ అదే కథ.

అమ్మ కుర్చీలో కూర్చుని చూశాను. మనల్ని చూసేది రెండు చోట్ల నుంచి: ఎదురుగా వాళ్ల వంటగది కిటికీ, పై అంతస్తు బాల్కనీ. వంటగది చూపు కింది అద్దంలోంచి వస్తుంది. బాల్కనీ చూపు పై అద్దంలోంచి ఏటవాలుగా సరిగ్గా కుర్చీ మీదే పడుతుంది. అందుకే రెంటికీ ఒకే మందు పనిచేయదు.

కింద 30 అంగుళాల మేర తెల్లటి ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అంటిద్దాం. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు దాకా వస్తుంది. వెలుతురు బాగానే వస్తుంది, మొహం మాత్రం తెలియదు. బాత్రూమ్‌లా ఉంటుందని నువ్వంటావని తెలుసు! పూలూ గీతలూ లేని సాదా రకం తీసుకుంటే అలా అనిపించదు. సబ్బునీళ్లు చల్లి అంటించాలి, లేకపోతే బుడగలు.

పైన మిగిలే 24 అంగుళాలకు అడ్డపట్టీల బ్లైండ్, ఫ్రేమ్ లోపలే. పట్టీల గది వైపు అంచు పైకి, బయటి అంచు కిందికి ఉండాలి. అప్పుడు బాల్కనీ నుంచి చూస్తే పట్టీలే కనిపిస్తాయి, కింది నుంచి వచ్చే వెలుతురు మన సీలింగ్ మీద పడుతుంది. తిరగేసి పెడితే మాత్రం వాళ్లకు దారి తెరిచినట్టే. వెడల్పు మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన కొలతకే ఆర్డర్ ఇస్తాను.

రాత్రికి లైనింగ్ ఉన్న కర్టెన్, లేత క్రీమ్ రంగు. లైటు దగ్గర మనిషి నీడ ఫిల్మ్ మీద పడుతుంది కాబట్టి ఇది తప్పదు. రాడ్ 8 అడుగులు, అంటే రెండు పక్కలా ఒక్కో అడుగు గోడ మీదికి. పగలు కర్టెన్ అక్కడికి జరిపేస్తే అద్దానికి అడ్డం రాదు. గుడ్డ వెడల్పు రాడ్‌కు రెట్టింపు తీసుకో, లేకపోతే మడతలు పడవు.

ఒక చిక్కుంది. ఇవి జరిపే అద్దాలు కదా, గాలికి ఒకటి తీస్తే ఆ సగంలో ఫిల్మ్ ఉండదు. కుర్చీని ఎడమ పక్కకు మార్చి, కుడి అద్దమే తీద్దాం. అమ్మ ఒప్పుకుంటుందో లేదో నువ్వే కనుక్కో.

కొనే ముందు ఈ వారం కింది భాగానికి తెల్ల కాగితం అంటించి చూడు. ఫిల్మ్ కన్నా వెలుతురు తక్కువే వస్తుంది, ఎత్తు సరిపోయిందో లేదో మాత్రం తెలిసిపోతుంది. రాత్రి లైటు వేసి, ఒకసారి బయటికి వెళ్లి కూడా చూడు.