గ్రామ మేత భూముల మితిమీరిన వాడకం: నియమం చేసే అధికారం ఎవరిది?

ఉమ్మడి పచ్చిక బయలు పాడవుతున్నదని తేలినప్పుడు ప్రభుత్వాల నుంచి సాధారణంగా రెండే ప్రతిపాదనలు వస్తాయి. పశువుల సంఖ్యకు పైనుంచి పరిమితి విధించడం ఒకటి, భూమిని కుటుంబాలవారీగా పంచివేయడం మరొకటి. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండింటికీ పునాది ఒకే ఊహ: మేతను పొదుపుగా వాడుకునే కట్టుబాటును ఊరివాళ్లు తమంతట తాము ఏర్పరచుకోలేరన్నది. గత అయిదు దశాబ్దాలలో గ్రామ పచ్చికల పాలనపై జరిగిన పరిశోధన ఈ ఊహను బలపరచలేదు. బయటి మందలను ఆపే అధికారమూ, సొంత మందలకు నియమం పెట్టుకునే అధికారమూ గ్రామం చేతిలోంచి జారిపోయినచోటనే మేపు ఎక్కువగా హద్దు మీరింది. అందువల్ల విధానం ఆ అధికారాన్ని తిరిగి నెలకొల్పడంతో మొదలు కావాలని, పశువుల లెక్క దాని తర్వాతి మాటేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఆ ఊహకు ప్రాచుర్యం కల్పించింది జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం. అందరికీ తెరిచి ఉన్న పచ్చికలో ప్రతి కాపరీ ఇంకొక పశువును చేర్చుకుంటే లాభమంతా తనది, నష్టంలో మాత్రం తన వంతు స్వల్పం. అందుచేత అందరూ మందను పెంచుకుంటూ పోయి చివరకు పచ్చికనే పోగొట్టుకుంటారని ఆయన తర్కం. తర్కంలో లోపం లేదు. అయితే అది ఏ గ్రామాన్నీ పరిశీలించి చెప్పినది కాదు. ఆ కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఎవరినీ అడ్డుకోలేరు, ఎవరికీ జరిమానా వేయలేరు. తాను వర్ణించినది ‘నిర్వహణ లేని’ ఉమ్మడి ఆస్తినేనని హార్డిన్ స్వయంగా 1990లలో అంగీకరించారు. ఈ సవరణ విధానకర్తల దాకా చేరినట్టు మాత్రం కనబడదు. యజమాని లేని భూమికి, యజమానులు అనేకులున్న భూమికి మధ్య ఉన్న తేడాను భూరికార్డులు నేటికీ చాలాచోట్ల గుర్తించవు.

నిర్వహణ ఉన్న ఉమ్మడి పచ్చిక ఎలా ఉంటుందో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామం చూపుతుంది. మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్ దీర్ఘకాలం అధ్యయనం చేసిన ఈ కొండ గ్రామంలో ఉమ్మడి భూముల వాడకాన్ని క్రమబద్ధం చేసే రాతప్రతి 1483 నాటిది. ఎవరూ తాము శీతాకాలమంతా మేపగలిగినన్ని ఆవులకు మించి వేసవి పచ్చికకు తోలరాదని 1517 నాటి నియమం చెబుతుంది. పశువుల సంఖ్య ఎంతో నేరుగా చెప్పకుండానే ఈ నియమం దానిని కట్టడి చేసింది. శీతాకాలపు ఎండుగడ్డి ఎవరికి వారి సొంత భూమిలోనే పండాలి. గడ్డివామి ఎంతో ఊరందరికీ కంటికి కనిపిస్తుంది. అందువల్ల కొలవడానికి నిపుణుడితో పని లేదు, తగాదాకూ పెద్దగా చోటు లేదు. ఉమ్మడి వనరుపై ఒత్తిడిని సొంత వనరు పరిమితికి ముడివేయడమే ఈ ఏర్పాటులోని తెలివి.

అమలు విషయంలోనూ ఆ గ్రామం అంతే ఆలోచన చూపింది. పరిమితి దాటినవారికి జరిమానా వేసే అధికారం స్థానికంగా ఎన్నుకున్న ఒక వ్యక్తికి ఉండేది. వసూలైన దానిలో సగం ఆయనకే దక్కేది. కాపలా పని ఎవరూ ఊరికే చేయరన్న సంగతిని, పొరుగువాడిపై ఫిర్యాదు చేయడం ఎవరికైనా కష్టమన్న సంగతిని ఆ నియమం రాసినవారు గుర్తించారు. ఇప్పటి అభివృద్ధి పథకాల్లో కమిటీలు వేసి, వాటికి ముద్రలూ రిజిస్టర్లూ ఇచ్చి, కాపలాదారు జీతం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చెప్పకుండా వదిలేయడం చూస్తే, అయిదు వందల ఏళ్ల కిందటి ఆ రైతులే మనకన్నా ఆచరణ తెలిసినవారనిపిస్తుంది.

ఒక్క ఆల్ప్స్ గ్రామంతో సూత్రం తీయడం పొరపాటవుతుంది. అయితే టోర్బెల్‌తో పాటు జపాన్‌లోని ఉమ్మడి కొండభూములను, స్పెయిన్, ఫిలిప్పీన్స్‌లోని సాగునీటి సంఘాలను పోల్చి రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఓస్ట్రోమ్ 1990లో ఎనిమిది సూత్రాలను ప్రతిపాదించారు. స్పష్టమైన హద్దులు, స్థానిక పరిస్థితికి తగిన నియమాలు, నియమాలను మార్చుకోవడంలో వాడుకదారుల పాత్ర, వాడుకదారులకు జవాబుదారీగా ఉండే పర్యవేక్షణ, తప్పు తీవ్రతను బట్టి పెరిగే శిక్ష, తక్కువ ఖర్చుతో తగాదాల పరిష్కారం, సొంత సంస్థలు పెట్టుకునే హక్కుకు ప్రభుత్వ గుర్తింపు, పెద్ద వ్యవస్థల్లో అంచెలంచెల నిర్వహణ అన్నవి అవి. 2010లో 91 అధ్యయనాలను సమీక్షించిన ఒక బృందం ఈ సూత్రాలకు తగిన ఆధారం ఉన్నదని తేల్చింది. మొరాకో అట్లాస్ పర్వతాల్లో ‘అగ్దాల్’ అనే పద్ధతి కింద వసంతంలో గడ్డి విత్తనం కట్టేదాకా పచ్చికను మూసి ఉంచి, ఒక నిర్ణీత రోజున అందరికీ ఒకేసారి తెరుస్తారు. అక్కడ లెక్కించేది పశువులను కాదు, రోజులను.

ఆస్తి పద్ధతిని బట్టి భూమి స్థితి ఎలా మారుతుందో చూపే విస్తృతమైన పోలిక మధ్య ఆసియా నుంచి వచ్చింది. ఒకే రకం గడ్డి మైదానం మంగోలియా, చైనా, రష్యాల మధ్య విడిపోయి ఉంది. డేవిడ్ స్నీత్ 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రభుత్వ సమష్టి క్షేత్రాలతో కాపరులను ఒకేచోట స్థిరపరచిన రష్యా వైపు సుమారు నాలుగింట మూడు వంతుల పచ్చిక దెబ్బతిన్నది. సమష్టి క్షేత్రాల తర్వాత కుటుంబాలకు పచ్చికను పంచిన చైనా వైపు మూడింట ఒక వంతుకు పైగా దెబ్బతిన్నది. కాపరి సమూహాలు రుతువులను బట్టి కదిలే పద్ధతి కొనసాగిన మంగోలియాలో అది సుమారు పదో వంతు మాత్రమే. ప్రభుత్వ యాజమాన్యమూ, వ్యక్తిగత విభజనా రెండూ సమూహ పద్ధతి కన్నా వెనుకబడ్డాయి.

ఈ ఆధారాన్ని ఇక్కడితో ఆపి వాడుకోవడం న్యాయం కాదు. మంగోలియాలో 1990 ప్రాంతంలో సుమారు రెండున్నర కోట్లున్న పశుసంపద 2018 నాటికి ఆరు కోట్లు దాటింది. వలసలను సమన్వయం చేసిన సమష్టి సంస్థలు 1990ల తొలినాళ్లలో రద్దయ్యాయి, వాటి స్థానంలోకి మరో సంస్థ రాలేదు, కాష్మీర్ ఉన్నికి గిరాకీ పెరిగి మేకల మందలు పెద్దవయ్యాయి. దాంతో పచ్చికపై ఒత్తిడి పెరిగింది. సంప్రదాయం దానంతట అదే భూమిని కాపాడదని, దానిని మోసే సంస్థ కూలితే ఉమ్మడి భూమి త్వరలోనే దిక్కులేని భూమి అవుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. సముదాయ పాలనను సమర్థించేవారు ఈ రెండో సగాన్ని తరచూ దాటవేస్తారు.

వాన నమ్మకం లేని ప్రాంతాలకు మరొక హెచ్చరిక అవసరం. కెన్యాలోని తుర్కానా అనే పొడి ప్రాంతాన్ని అధ్యయనం చేసి పరిశోధకులు ఎల్లిస్, స్విఫ్ట్ 1988లో చూపినట్టు, ఏటేటా వర్షపాతం తీవ్రంగా మారేచోట పచ్చిక స్థితిని ప్రధానంగా నిర్ణయించేది కరువే గాని పశువుల సంఖ్య కాదు. అక్కడ స్థిరమైన పరిమితి మంచి ఏడాదిలో మేతను వృథా చేస్తుంది, చెడ్డ ఏడాదిలో పచ్చికను కాపాడలేదు. కాపరికి కావలసినది కదిలే స్వేచ్ఛ. కెన్యాలో మసాయిల సామూహిక పశుక్షేత్రాలను తర్వాత వ్యక్తిగత ఖండాలుగా విడగొట్టి కంచెలు వేసినచోట సరిగ్గా ఆ స్వేచ్ఛే పోయింది.

భూమిని పంచితే పేదలకు మేలు జరుగుతుందన్న వాదన కూడా పరీక్షలో నిలవలేదు. భారతదేశపు మెట్ట ప్రాంతాల్లో ఏడు రాష్ట్రాల 82 గ్రామాలను పరిశీలించిన ఎన్.ఎస్. జోధా, 1950ల తొలినాళ్ల నుంచి 1980ల తొలినాళ్ల మధ్య ఉమ్మడి భూముల విస్తీర్ణం 31 నుంచి 55 శాతం తగ్గిందని 1986లో నివేదించారు. పేద కుటుంబాల ఆదాయంలో 14 నుంచి 23 శాతం ఈ భూములనుంచే వచ్చేదని, పంచిన భూమిలో ఎక్కువ భాగం పేదలు కానివారికే చేరిందని కూడా ఆయన గుర్తించారు. మిగిలిన కొద్ది పచ్చిక మీద అవే పశువులు పడ్డప్పుడు దానిని మనం ‘మితిమీరిన మేపు’ అంటున్నాము. నిజానికి చాలాచోట్ల అది కుంచించుకుపోయిన భూమి.

హర్యానాలో శివాలిక్ కొండల పాదంలోని సుఖోమాజ్రి గ్రామం 1970ల చివర్లో ఇందుకు భిన్నమైన దారి తొక్కింది. వాన నీటిని నిలిపే చిన్న చెరువుకట్టలు కట్టి, ఆ నీటిలో భూమి లేని కుటుంబాలకు కూడా సమాన వాటా ఇచ్చారు. కొండమీద మేపు ఆగితేనే చెరువు పూడకుండా ఉంటుంది కాబట్టి, ప్రతి ఇంటికీ మేపు ఆపడంలో లాభం కనిపించింది. ముళ్లకంచె లేకుండానే కొండ కోలుకుంది, మేకల స్థానంలో పాడి గేదెలు పెరిగాయి. నష్టపోయేవారికి ముందే వాటా చూపించడమే ఇందులో కీలకం.

ఈ ఆధారాలు ఒక సాధారణ గ్రామానికి ఏం చెబుతాయో చూడటానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. నూట యాభై కుటుంబాలు, 240 హెక్టార్ల ఉమ్మడి పచ్చిక, నాలుగు వందల పశువులు, తొమ్మిది వందల గొర్రెలు, మేకలు. జీవాల్లో సగం పది కుటుంబాలవి. కుటుంబానికింతని పరిమితి పెడితే ఆ పది కుటుంబాలు దానిని బంధువుల పేర్లమీద దాటవేస్తాయి. అందరికీ ఒకే శాతం కోత పెడితే రెండు మేకలున్న ఇల్లే ముందు నష్టపోతుంది. అందువల్ల ప్రతి కుటుంబానికీ కొన్ని పశువుల దాకా రుసుము లేని హక్కు ఇచ్చి, ఆపైన తలకు పెరిగే రుసుము పెట్టి, ఆ డబ్బుతోనే కాపలాదారు జీతం చెల్లించాలని నేను ప్రతిపాదిస్తాను. రేటు ఎంతన్నది గ్రామసభే నిర్ణయించుకోవాలి. ఎంత ఉండాలో ప్రభుత్వం చెప్పబోతే ఈ ఏర్పాటు మళ్లీ పైనుంచి విధించిన పరిమితే అవుతుంది.

ప్రభుత్వం చేయవలసిన పని వేరు, అది చిన్నదేమీ కాదు. ముందుగా పచ్చిక హద్దులను పొరుగు గ్రామాల సమక్షంలో సర్వే చేసి, గ్రామం పేరిట సముదాయ హక్కుగా నమోదు చేయాలి. ఆక్రమణలను తొలగించే బాధ్యతను గ్రామంపై కాక తనపై వేసుకోవాలి. గ్రామసభ తీర్మానం ప్రకారం వేసిన జరిమానాకు, బందెలదొడ్డిలో పశువును నిలిపే అధికారానికి చట్టబలం ఇవ్వాలి. మొదటి తప్పుకు హెచ్చరిక, రెండోదానికి చిన్న జరిమానా, పదే పదే చేస్తే ఆ సీజన్‌కు మేపు నిలుపుదల అన్న క్రమాన్ని నియమాల్లోనే రాసుకునేలా చూడాలి. గడ్డి కోసి తెచ్చేది, మేకలను తోలేది ఎక్కువచోట్ల స్త్రీలే కాబట్టి నియమాలు చేసే సభలో వారికి సగం స్థానాలైనా లేకపోతే, మూసివేత భారమంతా తీర్మానంలో పాల్గొనని వారిపైనే పడుతుంది.

హద్దులు గీయగానే దెబ్బతినేది వలస కాపరులు. ఏటా ఆ దారిన వచ్చి కొన్ని వారాలు మేపుకొని వెళ్లే మందకు భూరికార్డులో పేరుండదు. గ్రామం చేతికి అధికారం రాగానే ముందు మూసుకునేది వారి దారే. హక్కుల నమోదు సమయంలోనే వలస దారులను, మజిలీలను, వారు వచ్చే నెలలను పటంలో చేర్చడం, ఆ కాలంలో వారి మేపుకు ఎరువు రూపంలోనో రుసుము రూపంలోనో ఒప్పందం రాసుకునే వీలు కల్పించడం చట్టంలో తప్పనిసరి కావాలి. ఒప్పందం కుదరని గ్రామాల విషయంలో నిర్ణయం ఆ గ్రామానికీ, జిల్లా అధికారికీ వదిలేయకుండా, కాపరుల ప్రతినిధులు సభ్యులుగా ఉన్న ప్రాంతీయ మండలికి అప్పగించాలి.